కుర్చీ లోపలికి తేబాక

ఈ ఏడాది నేను రాసిన హారర్ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులో రక్తం లేదు, దెయ్యం లేదు. ఉన్నదంతా ఒక గది, తెరిచిన తలుపు, బయట గట్టు మీద స్తంభం లైటు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ. నెల్లూరు జిల్లా విడవలూరు వైపు మా బావకి రొయ్యల గుంటలున్నాయి. ఆ గది అక్కడి వాచ్‌మన్ షెడ్డే.

కథ చిన్నది. కొత్తగా చేరిన కుర్రాడికి అది మొదటి రాత్రి. పాత వాచ్‌మన్ ఇంటికి పోతూ పనులన్నీ అప్పజెప్పి, చివర్లో "కుర్చీ మాత్రం లోపలికి తేబాక అబ్బయ్యా" అని బండెక్కుతాడు. ఎందుకో చెప్పడు. నేను మొదట రాసుకున్నప్పుడు దాని కింద కారణం కూడా ఉండేది. గుంటలో కరెంటు షాక్ కొట్టి పోయిన మనిషి, అతని కుర్చీ, అదంతా. ఆ కాగితం నా దగ్గరే ఉంచుకుని స్క్రిప్టులోంచి తీసేశాను. అయితే ఆ ఒక్క మాట కూడా తీసేసి ఇద్దరు స్నేహితులకి చదివి వినిపిస్తే, "ఎవరో దొంగ కదా?" అన్నారు. మాట తిరిగి పెట్టాక ఆ ప్రశ్న రాలేదు. కుర్చీ లోపలికి రాకూడదని చూసేవాడికి తెలియాలి, ఎందుకు రాకూడదో తెలియకూడదు. రెండూ దాచేస్తే భయం రాదు, అయోమయం వస్తుంది.

సినిమా అంతా దాదాపు ఒకే ఫ్రేము. ఎడమవైపు మంచం, కుడివైపు తలుపు, తలుపులోంచి గట్టు, లైటు, కుర్చీ. కెమెరా కదలదు, జూమ్ అవదు. కెమెరా వెనకున్న గోడని ఒక్కసారి కూడా చూపించకూడదని స్క్రిప్టు మొదటి పేజీలోనే రాసి పెట్టాను. ఈ ఫ్రేము మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ గుంటవైపు తిరిగి ఉంటుంది. కుర్రాడు అన్నం తింటాడు, ఫోను చూస్తాడు, మనం గదికి అలవాటు పడతాం. రెండోసారి కుర్చీ షెడ్డువైపు తిరిగి ఉంటుంది. కుర్రాడు చూడడు, చూసేవాళ్లే చూడాలి.

ఇక్కడే చిక్కొచ్చింది. ఫోనుతో రెండు ఫ్రేములూ తీసి బావకి చూపిస్తే, ఆయన కళ్లు కుర్చీ వెనక గుంటలో నీళ్లు చిమ్ముతున్న ఏరేటర్ల మీదే ఉన్నాయి. కుర్చీ తిరిగిన సంగతే గమనించలేదు. కదిలేదీ వెలిగేదీ పక్కపక్కన ఉంటే కన్ను కదిలేదాని వెంటే పోతుంది. అందుకని ఏరేటర్లు కనపడకుండా కెమెరాని కాస్త పక్కకి జరిపి, వాటి చప్పుడు మాత్రం ఉంచాను. ఫ్రేములో వెలుగున్నది కుర్చీ దగ్గర ఒక్కచోటే అయింది.

తర్వాత కరెంటు పోతుంది. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అసలే తక్కువగా ఉంటుంది, ఆ టైంలో ఏరేటర్లు ఆగితే రొయ్య తట్టుకోదు. "చెప్పులేసుకునే టైం కూడా ఉండదురా, జనరేటర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే" అన్నాడు బావ. హారర్ సినిమాల్లో "చీకట్లో వాడెందుకు పోయాడు?" అని జనం నవ్వే చోట నాకు ఊరికే దొరికిన జవాబు అది. కుర్రాడు పోతాడు, కెమెరా మాత్రం అతని వెంట పోదు. చీకటి గదిలోనే మనల్ని వదిలేస్తుంది. అడుగుల చప్పుడు, జనరేటర్ తాడు లాగిన చప్పుడు, అది స్టార్ట్ కాకపోవడం, మళ్లీ లాగడం. లైటు వెలుగుతుంది. కుర్చీ లేదు.

స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అని లెక్క చెబుతారు గానీ, మాటల్లేని చోట ఆ లెక్క పనికిరాదు. ఈ చీకటి భాగం కాగితం మీద నాలుగు లైన్లే. స్టాప్‌వాచ్ పెట్టుకుని కళ్లు మూసుకుని నడిపిస్తే నిమిషం దాటింది. ఒక్కో చప్పుడికి ఒక్కో లైను, మధ్యలో ఖాళీ లైను వదిలి మళ్లీ రాశాను. చదివేవాడు కూడా ఆ ఖాళీల దగ్గర ఆగాలి కదా.

కుర్రాడు తిరిగొచ్చి జనరేటర్ గోల భరించలేక తలుపేస్తాడు. మనం కుర్చీని వెతుక్కునే ఒక్క సందూ మూసుకుపోతుంది, చప్పుడూ తగ్గుతుంది. అప్పుడు కెమెరా వెనకనుంచి, ప్లాస్టిక్ కుర్చీలో మనిషి కూర్చుంటే వచ్చే కిర్రుమనే చప్పుడు. కుర్రాడు తలెత్తుతాడు. కట్.

వేషం వేసే కుర్రాడు "అక్కడ ఎవరున్నారన్నా?" అని అడిగాడు. చెప్పలేదు. చెబితే ముఖంలో ఆ మనిషిని గుర్తుపట్టినట్టు నటిస్తాడని నా అనుమానం. స్క్రిప్టులో చూపు ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం రాశాను: నిలబడ్డ మనిషి ముఖం కేసి కాదు, కూర్చున్న మనిషి కళ్లకేసి.