సొంత ప్రిప్రింటే సిమిలారిటీలో పడితే: థీసిస్ సబ్మిషన్‌లో నా అనుభవం

మా లైబ్రరీలో నా థీసిస్‌ని టర్నిటిన్‌లో వేస్తే 33 శాతం సిమిలారిటీ వచ్చింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాటితే థీసిస్ వెనక్కి వస్తుంది, సరిచేసి గరిష్ఠంగా ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు ఇవ్వనే కూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నా రిపోర్ట్ తెరిచి చూస్తే ఆ 33లో 17 మేమే పెట్టిన ప్రిప్రింట్, 6 నా సొంత బ్లాగ్ పోస్ట్, మిగతా 10 అక్కడొకటి ఇక్కడొకటి చిల్లర. అనంతపురంలో ఇదే ఇబ్బందిలో ఉన్న స్కాలర్లు ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు మాత్రం అడగొద్దు.

నా టాపిక్ మా జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నాలుగో చాప్టర్‌ని పేపర్‌గా చేసి జర్నల్‌కి పంపేటప్పుడు, రివ్యూ జరుగుతుండగానే ప్రిప్రింట్‌గా పెట్టుకుంటారా అని ఆ పబ్లిషర్ సైట్‌లోనే అడిగారు, గైడ్ సార్ కూడా సరే అన్నారు, పెట్టాం. డీఓఐ వచ్చింది, గూగుల్ స్కాలర్‌లో కనబడింది, పేపర్ మాత్రం రివ్యూలోనే ఉండిపోయింది. బ్లాగ్ అంతకు ముందుది. మన గ్రానైట్ రాళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలవ ఉండటం, కాల్షియం తక్కువగానూ బైకార్బొనేట్ ఎక్కువగానూ ఉన్నచోట ఫ్లోరైడ్ ఎందుకు పెరుగుతుంది, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ఎందుకంటారు, ఇవన్నీ ఇంగ్లీషులో పోస్ట్‌గా రాసి పెట్టుకున్నాను. ఆ పేరాలే తర్వాత ఇంట్రడక్షన్‌లోకి వచ్చాయి.

రిపోర్ట్ చూసి మా సీనియర్ ఒకాయన, "ఏమప్పా, ఆ బ్లాగ్ తీసేయ్, ప్రిప్రింట్ వెనక్కి తీసుకో, పీడా పోతుంది" అన్నాడు. చాలామంది ఇచ్చే సలహా ఇదే. దీనివల్ల లాభం లేదు, పైగా నష్టం. టర్నిటిన్ అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో వెతకదు, తాను ముందే సేకరించి దాచుకున్న కాపీలతో పోలుస్తుంది, కాబట్టి మనం ఈరోజు పేజీ తీసేసినా దాని దగ్గర పాత కాపీ ఉండే ఉంటుంది. ప్రిప్రింట్‌దీ అదే కథ, విత్‌డ్రా చేసినా డీఓఐ పేజీ ఉంటుంది, మీద "Withdrawn" అని మాత్రం పడుతుంది, ఆ మాట చూసిన ఎగ్జామినర్‌కి లేనిపోని అనుమానం. అన్నిటికంటే ముఖ్యం, ఆ రాత ముందుగా మనదేనని చూపించే తేదీ ఆ పేజీలోనే ఉంది. దాన్ని మన చేతులతో మనమే చెరిపేసుకుంటే తర్వాత ఎవరికి ఏం చూపిస్తాం? నేను రెండూ అలాగే ఉంచాను.

ఇక అసలు పని. విద్యార్థి అకౌంట్ నుంచి మనం రిపోర్ట్ చూడగలమే గానీ అందులో ఏ సోర్స్‌నీ తీసేయలేం, అది లైబ్రరీ మేడమ్ లాగిన్‌లోనే జరగాలి. ఆమె అప్‌లోడ్ చేసేటప్పుడే "No repository" పెట్టారు, అందుకు ఆమెకి దండం పెట్టాలి. అలా పెట్టకపోతే మన డ్రాఫ్ట్ వాళ్ల డేటాబేస్‌లో చేరిపోతుంది, సరిచేసిన థీసిస్ రెండోసారి వేసినప్పుడు మన పాత డ్రాఫ్టే మనకి ఎదురొచ్చి 90 పైన చూపిస్తుంది. మీరు వేయించేముందు ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి.

ప్రిప్రింట్‌ని "Exclude Sources"లో టిక్ చేస్తే 33 లోంచి 17 పోయి 16 వస్తుందనుకున్నాం. 29 వచ్చింది. మేడమ్‌కీ అర్థం కాలేదు, నాకు టెన్షన్. విషయం ఏంటంటే, "Match Overview"లో ఒక వాక్యానికి ఒకే సోర్స్‌ని చూపిస్తుంది, అన్నిటికన్నా బాగా సరిపోలినదాన్ని. అదే వాక్యం ఇంకో నాలుగు చోట్ల ఉన్నా అవన్నీ దాని కింద దాగి ఉంటాయి. ఉల్లిగడ్డ పొర ఒలిచినట్టు పైది తీసేయగానే కిందది పైకొస్తుంది. మా ప్రిప్రింట్ పీడీఎఫ్‌ని మా కో ఆథర్ తన రీసెర్చ్ ప్రొఫైల్ సైట్‌లో పెట్టుకున్నాడు, అది 13 శాతంతో పైకి లేచింది. దాన్నీ తీసేస్తే ఓపెన్ యాక్సెస్ పేపర్లన్నీ పోగేసి పెట్టే ఇంకో సైట్ 4 శాతంతో వచ్చింది. ఆ మూడూ పోయాకే 16. ఇవి ముందే తెలుసుకోవాలంటే "All Sources"లోకి వెళ్లి చూడాలి, లేదా సోర్స్ పక్కన ఉన్న బాణం గుర్తు నొక్కితే దాని కింద ఏమేం ఉన్నాయో జాబితా వస్తుంది. ఈ కాపీలన్నీ ఒకే ప్రిప్రింట్‌వి అని చూపడానికి ఒక్కో లింక్ తెరిచి, టైటిలూ ఆథర్ల పేర్లూ కనబడేలా మొదటి పేజీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టాను.

బ్లాగ్ దగ్గర ఇంకో తలనొప్పి. నా బ్లాగ్‌ని తీసేస్తే 6 పోవాలి కదా, 2 మాత్రమే పోయాయి. 4 శాతంతో ఎవరిదో ఒక వెబ్‌సైట్ వచ్చింది, నీటి ఫిల్టర్లు అమ్ముకునేవాళ్లది. నా పోస్ట్‌ని పేరాలకి పేరాలు లేపేసి, పేరు లేకుండా, కింద ఫిల్టర్ ఫోటోలతో పెట్టుకున్నారు! రిపోర్ట్ మాత్రమే చూసేవాళ్లకి నేనే ఆ ఫిల్టర్ కంపెనీ నుంచి కాపీ కొట్టినట్టు ఉంటుంది. ఇక్కడ బ్లాగ్‌లో కనబడే తేదీ ఒక్కటే చాలదన్నారు మేడమ్, తేదీని మనమే మార్చుకోవచ్చు కదా, న్యాయమే. అందుకని `web.archive.org`లో నా పోస్ట్ లింక్ వేసి చూశాను, అదృష్టం కొద్దీ పోస్ట్ చేసిన కొత్తలోనే ఒక కాపీ అక్కడ పడి ఉంది, ఆ కంపెనీ పేజీకి మొట్టమొదటి కాపీ దాని తర్వాతి ఏడాదిది. రెండిటి స్క్రీన్‌షాట్లూ తేదీ కనబడేలా ప్రింట్ తీసి ఇచ్చాను. ఆ కాపీ లేకపోయుంటే ఏం చేసేవాళ్లం అంటే, ఆ పేరాలు మళ్లీ రాసుకోవడమే, వాదించి లాభం లేదు.

ఇంతవరకు లెక్క బాగానే ఉంది గానీ అసలు చిక్కు తర్వాత వచ్చింది. సొంత పబ్లికేషన్లు తీసేయొచ్చని మా దగ్గర ఉన్న ఆనవాయితీ జర్నల్‌లో అచ్చయిన పేపర్లకి. ప్రిప్రింట్ అచ్చయినట్టా కానట్టా, బ్లాగ్ అసలు పబ్లికేషనేనా అని లైబ్రరీ వాళ్లు తేల్చుకోలేక డిపార్ట్‌మెంట్ ప్యానెల్‌కి పంపించారు. ఈ ప్యానెల్ కూడా యూజీసీ నిబంధనల్లోనే ఉంది, హెచ్‌ఓడీ, వేరే డిపార్ట్‌మెంట్ సీనియర్ ఒకరు, ఈ సాఫ్ట్‌వేర్లు తెలిసినవారు ఒకరు కూర్చుంటారు. వాళ్లు అడిగినవి రెండే.

మొదటిది, ప్రిప్రింట్‌లో ముగ్గురి పేర్లు ఉన్నాయి, థీసిస్‌లోకి వచ్చిన ఆ పేరాలు ఎవరు రాశారు? నేను దీన్ని ఊహించలేదు. బ్లాగ్‌కి నేనొక్కడినే కాబట్టి గొడవ లేదు, ముగ్గురు కలిసి రాసినదాన్ని మాత్రం "నాది" అని తీసేయడం కుదరదన్నారు. మా కో ఆథర్ మ్యాప్‌లు చేసి, ఆ మ్యాప్‌ల మీద రెండు పేరాలు రాశాడు. అతను ఏం చేశాడో చెబుతూ, మిగతాది నేనే రాశానని సంతకంతో ఒక లెటర్ ఇచ్చాడు. అతని రెండు పేరాలనీ థీసిస్‌లోంచి తీసేసి ఆ మ్యాప్‌ల గురించి నా మాటల్లో రాశాను, మ్యాప్‌ల కింద అతని పేరు వేశాను.

రెండోది, థీసిస్‌లో ఎక్కడైనా ఇది ముందే బయటికి వచ్చిందని చెప్పారా? 2020 ఏప్రిల్‌లో యూజీసీ సొంత రాతల మీద ఒక నోటీసు ఇచ్చింది. సొంత రచనే అయినా సరైన సైటేషన్ లేకుండా కొత్తదన్నట్టు మళ్లీ వాడుకుంటే తప్పేనని దాని సారాంశం. అంటే సాఫ్ట్‌వేర్‌లో టిక్ పెట్టి శాతం తగ్గించడం ఒకటి, పాఠకుడికి చెప్పడం ఒకటి, మొదటిది చేస్తే రెండోది చేసినట్టు కాదు. నాలుగో చాప్టర్ మొదటి పేజీలో, ఈ చాప్టర్‌లో ఏయే సెక్షన్లు ఏ డీఓఐతో ప్రిప్రింట్‌గా వచ్చాయో, పేపర్ ఇంకా జర్నల్ రివ్యూలోనే ఉందని రాశాను. ఇంట్రడక్షన్‌లో బ్లాగ్ పేరాల దగ్గర పోస్ట్ లింకూ తేదీతో సైటేషన్ ఇచ్చాను.

అబ్‌స్ట్రాక్ట్, కంక్లూజన్ల విషయంలో మాత్రం గైడ్ సార్ ఒప్పుకోలేదు. "అవి సైట్ చేసినా కుదరదు, కొత్తగా రాయి" అన్నారు. నిబంధనల్లోనే అబ్‌స్ట్రాక్ట్, ఫలితాలు, ముగింపుల్లో పోలికలే ఉండకూడదని ఉంది. ఫలితాల పట్టికలు మార్చలేం, అంకెలు అవే కదా, వాటి కింద వ్యాఖ్యానం మళ్లీ రాశాను. ప్రిప్రింట్‌లో ఒక్క సీజన్ సంగతే ఉంది, థీసిస్‌లో వానలకి ముందూ తర్వాతా రెండూ ఉన్నాయి, ఆ పోలిక చుట్టూ రాసేసరికి కంక్లూజన్ దానంతటదే వేరే అయింది. నిజం చెప్పాలంటే పాతదానికన్నా బాగుంది.

సరిచేసింది వేసి, ప్రిప్రింట్ కాపీలు మూడూ, బ్లాగ్, ఆ ఫిల్టర్ల పేజీ తీసేస్తే 10 దగ్గర ఆగింది. ఆ 10లో ఏముందా అని చూస్తే, శాంపిళ్లు పాలిథీన్ సీసాల్లో పట్టాం, టిసాబ్ బఫర్ కలిపి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచాం లాంటి ముక్కలు, ఈ సబ్జెక్టులో ఎవరు రాసినా అలాగే రాస్తారు. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసేవాటిని వదిలేయొచ్చని నిబంధనల్లో ఉంది కాబట్టి మేడమ్ టర్నిటిన్‌లో ఆ 14 పదాల ఫిల్టర్ పెట్టారు, 6కి వచ్చింది. ఈ ఫిల్టర్ మొదట్లోనే పెట్టేస్తే పోలేదా అనుకోవచ్చు, ప్రిప్రింట్ మ్యాచ్‌లు పేరాలకి పేరాలు ఉంటాయి, 14 పదాల ఫిల్టర్ వాటిని తాకనుకూడా తాకదు.

ఫైల్‌లో చివరికి రెండు రిపోర్ట్‌లూ పెట్టాం. సరిచేసిన థీసిస్‌ది ఏదీ తీసేయక ముందుది ఒకటి, అన్నీ తీసేశాక 6 శాతం వచ్చినది ఒకటి. వాటి మధ్యలో తీసేసిన ఐదు లింకులూ, ఎందుకు తీసేశామో ఒక్కో వాక్యం, కింద గైడ్ సార్, హెచ్‌ఓడీ సంతకాలు. మొదటి రిపోర్ట్ పెట్టడం అవసరమా అని నేను నసిగితే హెచ్‌ఓడీ సార్ ఒకటే అన్నారు, "ఎగ్జామినర్ తన దగ్గర మళ్లీ వేసుకుంటే ఎక్కువే వస్తుంది, అప్పుడు ఆయనకి ఈ కాగితం కావాలి." అలాగే అయింది, ఒక ఎగ్జామినర్ రిపోర్ట్‌లో సిమిలారిటీ గురించి ఉన్నది ఒక్క లైనే, తీసేసిన సోర్సుల జాబితా చూశానని.