x¹⁰⁰ను వర్గ బహుపదితో భాగిస్తే శేషం: నేను చేసే పద్ధతి

x¹⁰⁰ను x² − x − 6తో భాగిస్తే శేషం ఎంత? దీర్ఘ భాగహారం మొదలుపెడితే భాగఫలంలో x⁹⁸ నుంచి స్థిరపదం దాకా 99 పదాలు రాయాలి. లెక్కలో అడిగింది భాగఫలం కాదు, శేషం ఒక్కటే. అందుకే నేను భాగఫలం జోలికి వెళ్లను. దానికి Q(x) అని పేరు పెట్టి అలాగే వదిలేస్తాను.

భాజకం పరిమాణం 2 కాబట్టి శేషం పరిమాణం 1కి మించదు. అంటే శేషం ax + b రూపంలో ఉంటుంది, కనుక్కోవాల్సినవి a, b రెండే. మొదట రాసే వరుస ఇది:

x¹⁰⁰ = (x² − x − 6)·Q(x) + ax + b

ఇది x విలువ ఏదైనా నిజమయ్యే సర్వసమీకరణం. నాకు ఇష్టమైన x విలువ పెట్టుకోవచ్చు కాబట్టి Q(x) మాయమయ్యే విలువలే పెడతాను, అంటే భాజకం మూలాలు. x² − x − 6 = (x − 3)(x + 2). మూలాలు 3, −2.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది: x = 3 పెడితే భాజకం సున్నా అవుతుంది కదా, సున్నాతో భాగించినట్టు కాదా? కాదు. పై వరుసలో భాగహారం లేదు, గుణకారం, కూడిక మాత్రమే ఉన్నాయి. సున్నాతో గుణించడానికి ఏ అడ్డూ లేదు. ఆ వరుసను x¹⁰⁰/(x² − x − 6) అనే భిన్న రూపంలో రాసుకుంటేనే చిక్కు. అందుకే నేను భిన్న రూపం రాయను.

x = 3 పెడితే 3a + b = 3¹⁰⁰.
x = −2 పెడితే −2a + b = (−2)¹⁰⁰ = 2¹⁰⁰.

మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే 5a = 3¹⁰⁰ − 2¹⁰⁰. ఆ a విలువను మొదటి సమీకరణంలో పెడితే b = (2·3¹⁰⁰ + 3·2¹⁰⁰)/5. కాబట్టి శేషం:

[(3¹⁰⁰ − 2¹⁰⁰)/5]·x + (2·3¹⁰⁰ + 3·2¹⁰⁰)/5

జవాబును ఇలాగే ఉంచాలి. 2·3¹⁰⁰ని 6¹⁰⁰ అని రాయడం తరచూ కనబడే తప్పు. ఘాతం 3కి మాత్రమే ఉంది, 2కి లేదు.

ఇంత పెద్ద సంఖ్యలున్న జవాబు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది? నేను రెండు పరీక్షలు చేస్తాను. మొదటిది, 100 స్థానంలో n ఉంచి చిన్న విలువలతో చూడటం. n = 2 అయితే a = (9 − 4)/5 = 1, b = (18 + 12)/5 = 6. శేషం x + 6. x²ను x² − x − 6తో భాగిస్తే వచ్చేది సరిగ్గా అదే.

రెండో పరీక్ష నాకు మరీ ఇష్టం. భాజకంలో x² గుణకం 1, మిగతా గుణకాలన్నీ పూర్ణాంకాలు. అలాంటప్పుడు భాగహారంలో ఎక్కడా భిన్నం పుట్టదు, కాబట్టి a, b పూర్ణాంకాలే కావాలి. 3¹⁰⁰ − 2¹⁰⁰ అంటే 9⁵⁰ − 4⁵⁰. దీన్ని 9 − 4 = 5 నిశ్శేషంగా భాగిస్తుంది. సరిపోయింది. ఇప్పుడు ఘాతం 101 అనుకోండి. (−2)¹⁰¹ విలువ −2¹⁰¹ కాబట్టి a = (3¹⁰¹ + 2¹⁰¹)/5 కావాలి. గుర్తు చూసుకోకుండా 3¹⁰¹ − 2¹⁰¹ అని రాస్తే, దాన్ని 5తో భాగించినప్పుడు 1 మిగులుతుంది. a పూర్ణాంకం కాలేదంటే తప్పు గుర్తు దగ్గరే జరిగిందని అర్థం. రుణ మూలం, బేసి ఘాతం కలిసినప్పుడల్లా ఈ పరీక్ష తప్పక చేస్తాను. భాజకం 2x² − 3x + 1 లాంటిదైతే మాత్రం ఇది పనికిరాదు. అక్కడ మొదటి గుణకం 2 కాబట్టి శేషంలో భిన్నాలు న్యాయంగానే రావచ్చు.

మూలాలు రెండూ ఒకటే అయినప్పుడు ఈ దారి మధ్యలో ఆగిపోతుంది. భాజకం x² − 4x + 4, అంటే (x − 2)² అనుకుందాం. x = 2 పెడితే 2a + b = 2¹⁰⁰ వస్తుంది. రెండో మూలం కూడా 2 కాబట్టి మళ్లీ అదే సమీకరణం. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి.

ఇంటర్ చదివేవాళ్లు ఇక్కడ అవకలనం చేస్తారు. x¹⁰⁰ = (x − 2)²·Q(x) + ax + b ని అవకలనం చేస్తే ఎడమవైపు 100x⁹⁹ వస్తుంది. కుడివైపు Q ఉన్న ప్రతి పదంలోనూ కనీసం ఒక (x − 2) మిగిలే ఉంటుంది, దాంతో పాటు a ఉంటుంది. x = 2 పెడితే a = 100·2⁹⁹. ఆపైన b = 2¹⁰⁰ − 2a = 2¹⁰⁰ − 100·2¹⁰⁰ = −99·2¹⁰⁰.

అవకలనం రాని పదో తరగతి పిల్లలకు చెప్పేటప్పుడు నేను x = y + 2 అని మార్చి చూపిస్తాను. అప్పుడు భాజకం y² అయిపోతుంది. (y + 2)¹⁰⁰ని విస్తరిస్తే y², అంతకు పై ఘాతాలున్న పదాలన్నీ భాజకంతో పోతాయి. మిగిలేది 2¹⁰⁰ + 100·2⁹⁹·y. అందులో y బదులు x − 2 పెడితే అదే జవాబు. నిజానికి అవకలనం ఎందుకు పని చేస్తుందో కూడా దీనివల్లే బాగా తెలుస్తుంది. మూలం దగ్గర x¹⁰⁰ విలువ, దాని వాలు, ఈ రెండే శేషంలోకి వస్తున్నాయి.

మూలాలు కరణులో, సంకీర్ణ సంఖ్యలో అయినప్పుడు ప్రతిక్షేపణ తప్పు కాదు. కానీ చేతిరాతలో అది బరువవుతుంది. అప్పుడు నేను మూలాలు కనుక్కోవడం మానేసి, భాజకాన్నే ఒక మార్పిడి నియమంగా వాడుకుంటాను. భాజకం x² + x + 1 అయితే, శేషం వరకు x² కనబడిన చోటల్లా −x − 1 రాయవచ్చు. ఎందుకంటే ఆ రెంటికీ తేడా భాజకమే. అలా x³ = x·x² = −x² − x = 1 అవుతుంది. 100 = 3·33 + 1 కాబట్టి x¹⁰⁰ శేషం x. లెక్క అయిపోయింది.

భాజకం x² − x + 1 అయితే x³ = −1. 33 బేసి కాబట్టి x⁹⁹ = −1, శేషం −x. ఈ రెండు భాజకాలనూ కలగాపులగం చేసుకుని x³ = 1 అని రెండుచోట్లా వాడేయడం మామూలుగా జరిగే పొరపాటు. x³ను గుర్తుపెట్టుకునే బదులు అప్పటికప్పుడు ఒక వరుసలో రాసి తేల్చుకోవడం మేలు.

ఇలా ఘాతాలు తిరిగి తిరిగి రాని భాజకాలూ ఉన్నాయి. x² − x − 1 అలాంటిదే. ఇక్కడ x² = x + 1. ఒక్కో మెట్టూ ఎక్కితే x³ = 2x + 1, x⁴ = 3x + 2, x⁵ = 5x + 3. గుణకాలు ఫిబొనాచీ సంఖ్యలని వెంటనే కనబడుతుంది. మన ఛందస్సు తెలిసినవాళ్లకు ఇవి కొత్తవి కావు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అనుకుని n మాత్రలను ఎన్ని విధాలుగా పేర్చవచ్చో లెక్కపెడితే వచ్చేవి ఇవే. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు వీటిని వివరించాడు. xⁿ శేషంలో రెండు గుణకాలనూ కూడితే n మాత్రలకు ఎన్ని పేర్పులో ఆ సంఖ్య వస్తుంది. n = 4కి 3 + 2 = 5.

x²⁰ కావాలంటే ఒక్కో మెట్టూ ఎక్కక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోతే చాలు. (3x + 2)² = 9x² + 12x + 4. ఇందులో x² బదులు x + 1 పెడితే x⁸ = 21x + 13. మళ్లీ వర్గం చేస్తే 441x² + 546x + 169, అంటే x¹⁶ = 987x + 610. 20 = 16 + 4 కాబట్టి (987x + 610)(3x + 2) = 2961x² + 3804x + 1220. x² మార్చేస్తే x²⁰ = 6765x + 4181. x¹⁰⁰కైనా 100 = 64 + 32 + 4 కాబట్టి ఆరు వర్గాలు, రెండు గుణకారాలు చాలు. ప్రతి వర్గం తర్వాత వెంటనే x²ను మార్చేయాలి. ఆలస్యం చేస్తే x³, x⁴ పేరుకుపోయి గుణకాలు తారుమారవుతాయి.

ఇంత గుణకారంలో ఎక్కడో ఒక అంకె జారిపోవచ్చు. దాన్ని పట్టుకోవడానికీ ఒక ఉపాయం ఉంది. రెండు మూలాల దగ్గర శేషం విలువలు αⁿ, βⁿ. వాటి లబ్ధం (αβ)ⁿ. ఇక్కడ αβ = −1, α + β = 1 కాబట్టి (aα + b)(aβ + b)ని విస్తరిస్తే b² + ab − a² = (−1)ⁿ కావాలి. x⁸ దగ్గర 169 + 273 − 441 = 1, సరిపోయింది. x²⁰ దగ్గర 17480761 + 28284465 − 45765225 = 1. మూలాలు ఏమిటో తెలియకపోయినా ఈ పరీక్ష చేయవచ్చు. వాటి మొత్తం, లబ్ధం భాజకంలోనే కనబడుతున్నాయి కదా.

ఈ శేషం ఎక్కువగా అక్కరకొచ్చేది మాత్రికల దగ్గర. మొదటి అడ్డువరుస 1, 2, రెండో అడ్డువరుస 3, 0 ఉన్న A అనే మాత్రికను తీసుకోండి. వికర్ణ మూలకాల మొత్తం 1, నిర్ధారకం −6. కేలీ–హామిల్టన్ సిద్ధాంతం ప్రకారం A² − A − 6I = 0. ఇది మనం మొదలుపెట్టిన భాజకమే. కాబట్టి పై సర్వసమీకరణంలో x బదులు A పెడితే Q(A) ఉన్న భాగం సున్నా అయి, A¹⁰⁰ = aA + bI మిగులుతుంది. ఇందులో b పక్కన I రాయడం మరిచిపోకూడదు, మాత్రికకు ఉత్త సంఖ్యను కూడలేం. A¹⁰⁰లో రెండో అడ్డువరుస చివరి మూలకం b. మొదటి అడ్డువరుస చివరి మూలకం 2a, అంటే 2(3¹⁰⁰ − 2¹⁰⁰)/5.