ఒక్క దీర్ఘం తక్కువైంది

ఈ ఉదయం నుంచి నాలో నేనే నవ్వుకుంటున్నాను. నిన్న మధ్యాహ్నం దాకా మాత్రం నా పరిస్థితి పగవాళ్లకు కూడా వద్దు. మొదటిసారి కలిసిన మనిషి నచ్చాడు, ఇక అతనికి ఎప్పుడు మెసేజ్ పెట్టాలి, ఏమని పెట్టాలి? ఇంతకు మించి సమస్య లేదు. దానికే రెండు రోజులు అన్నం సహించలేదు. చల్లారకముందే రాసిపెడుతున్నాను.

కలవడం వరకు తేలికగానే జరిగింది. మాది విజయనగరం, నేను ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్ని. అతనిది శ్రీకాకుళంలో ఉద్యోగం. తోటి ఉద్యోగి పెళ్లిలో పరిచయమై, నెల రోజులు ఫోనులో పొడిపొడిగా మాట్లాడుకున్నాక మొన్న ఆదివారం వచ్చాడు. గంటస్తంభం దగ్గర కాఫీ తాగి, పెద్దచెరువు గట్టు దాకా నడిచాం. కాఫీ తాగినంతసేపూ నేను అడగడం, అతను రెండు మాటల్లో జవాబు చెప్పడం. చెరువు దగ్గరికి వచ్చాక ఏమైందో, వాళ్ల నాన్నగారు బాగుచేసే పాత రేడియోల గురించి మొదలుపెట్టాడు. చిన్నప్పుడు రాత్రిళ్లు నాన్న పక్కన కూర్చుని, గరగరమనే శబ్దంలోంచి పాట తేలేదాకా ముల్లు తిప్పేవాడట. చెబుతుంటే చీకటి పడింది. స్టేషన్‌లో రైలెక్కుతూ "మళ్లీ మాట్లాడదాం" అన్నాడు.

ఈ మాటతోనే చిక్కు. పాలవాడితోనూ అంటాం, ఇంటి ఓనరుతోనూ అంటాం. నచ్చినవాళ్లతో అన్నా, నచ్చనివాళ్లను వదిలించుకోవడానికి అన్నా అవే రెండు ముక్కలు. కాబట్టి దాన్ని విప్పి చూస్తూ కూర్చోవడం దండగ. ఆ రాత్రే నేను మెసేజ్ పెట్టాల్సింది. రైలు నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు దాటి శ్రీకాకుళం రోడ్ చేరాలి. పేరుకు శ్రీకాకుళమే కానీ ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కడ దిగి మళ్లీ ఊళ్లోకి పోవాలి. అంతసేపూ అతనికి మా మాటలు తలచుకోవడం తప్ప వేరే పని ఉండదు. ఇల్లు చేరి అన్నం తిన్నాడనుకున్న వేళకు రెండు వాక్యాలు పంపి ఉంటే సరిపోయేది. ఆ రాత్రి పంపిన మెసేజ్‌కి సంజాయిషీ అక్కర్లేదు. మర్నాడు ఉదయం పంపినా అక్కర్లేదు. ఆ తర్వాత ఒక్కో పూట గడిచేకొద్దీ ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదో కూడా అందులో ధ్వనించాలి, దాంతో వాక్యాలు బరువెక్కుతాయి.

మరి ఎందుకు పంపలేదంటే, మా పెద్దమ్మ కూతురు చెప్పింది కాబట్టి. ఆమెకు పెళ్లయి తొమ్మిదేళ్లయింది, అదీ పెద్దలు కుదిర్చిన సంబంధం. అయినా ఈ విషయాల్లో ఆమెను మించిన వాళ్లు మా ఇంట్లో లేరు. "మూడు రోజులు ఆగు. ఆడపిల్ల ముందు పెడితే చులకనైపోతుంది. ఆ నీలం టిక్కులు కూడా తీసెయ్, నువ్వు చదివావో లేదో అతనికి తెలియకూడదు" అంది. తీసేశాను. అలా తీసేస్తే అవతలివాళ్లు చదివారో లేదో మనకూ కనిపించదని అప్పుడు నాకు తోచలేదు. మూడు రోజులాగడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఈ మూడు రోజుల్లో అవతలి మనిషి మన విలువ లెక్కగడుతూ కూర్చోడు. నచ్చలేదు కాబోలనుకుని మనసు సర్దుకుంటాడు. మొహమాటస్తుడైతే మరీ త్వరగా సర్దుకుంటాడు.

సోమవారం రాత్రికి నా వల్ల కాలేదు. కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదట "క్షేమంగా చేరారా?" అని రాశాను. చేరి ఇరవై నాలుగు గంటలయింది. పైగా దానికి "చేరానండి" అంటే అయిపోతుంది, ఆ మీద నేనేమనాలి? తర్వాత పన్నెండు వరుసల ఉత్తరం రాశాను, చదువుకుంటే నాకే భయమేసింది. ఒకసారి "నువ్వు" అని రాసి గబుక్కున చెరిపేశాను. గట్టు మీద "మీరు" అనుకున్నవాళ్లం, రాత్రికి రాత్రి ఫోనులో "నువ్వు" అంటే అతను ఉలిక్కిపడతాడు. ఒకదాని చివర దండం బొమ్మ పెట్టి చూశాను, ఓట్లడిగే అభ్యర్థిలా అనిపించింది. చివరకు పదిన్నర దాటాక, తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి పంపాను. అందరం అలాగే కొడతాం, తొందరగా అయిపోతుందని. నేను రాసింది ఇది:

"మీరు మనసు విప్పి మాట్లాడారు. అప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

పొదుపుగా, గౌరవంగా ఉందని నన్ను నేనే మెచ్చుకుని పడుకున్నాను.

మంగళవారం ఉదయం ఏడింటికి, పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు బారులు తీరి ఉండగా జవాబు వచ్చింది: "క్షమించండి. నేను మొదటి నుంచీ అంతే. కొత్తవాళ్ల దగ్గర మొహమాటం."

నా చేతిలో సిరంజి, ఎదురుగా చెయ్యి చాపిన ముసలాయన. క్షమించమనడం దేనికి? మనసు విప్పి మాట్లాడినందుకు ఇప్పుడు నొచ్చుకుంటున్నాడా? ఏదో నోరుజారి చెప్పాను, మరిచిపోండి అంటున్నాడా? "కొత్తవాళ్లు" అన్నాడు. అంటే నేను కొత్తదాన్ని, అంతేనా? పది మందికి నమూనాలు తీసేలోపు నేను అన్ని కోణాల్లోనూ ఆలోచించి, ఇది మర్యాదగా వద్దనడమేనని తేల్చుకున్నాను. ఇంత తెలివైనదాన్ని ఊరుకోవచ్చు కదా. పెద్దమనసు చూపించాలని "పరవాలేదండి" అని పంపాను.

ఆ తర్వాత అటు నుంచి చప్పుడు లేదు. టిక్కులు బూడిద రంగులోనే ఉన్నాయి, నేనే మార్చుకున్నాను కాబట్టి చదివాడో లేదో తెలిసే దారి లేదు. అక్కకు ఫోను చేస్తే "చెప్పానా?" అంది. ఆ ఒక్క మాటతో ఊరుకోలేదు, మా అమ్మతోనూ చెప్పింది. పదకొండింటికి అమ్మ ఫోను చేసి, "ఏమిటమ్మా, వద్దన్నాడా?" అని ఎంతో మెల్లగా అడిగింది. ఆ మెల్లదనానికే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్న గదిలోకి పోయి, దాని హోరులో కాసేపు ఏడ్చాను. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా ల్యాబులో రసీదులు రాసే పెద్దాయన ఉన్నారు, అందరం బాబాయిగారు అంటాం. భోజనాల వేళ ఆయన పక్కన కూర్చుని, "మా స్నేహితురాలికి ఇలా మెసేజ్ వచ్చింది బాబాయిగారూ, దీనర్థం ఏమిటంటారు?" అని ఫోను చేతికిచ్చాను. స్నేహితురాలెవరో ఆయనకు తెలియదనుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, పైనున్న నా మెసేజ్ నుంచి మొదలుపెట్టి, ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ పైకి చదివారు.

"మీరు... మనసు విప్పి... మాట్లాడరు. అప్పటి నుంచీ అదే ఆలోచిస్తున్నాను." తలెత్తి, "అబ్బాయిని అలా తిట్టావెందుకమ్మా?" అన్నారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తెలుగులో మాట్లాడారుకూ మాట్లాడరుకూ మధ్య ఒక్క దీర్ఘం తేడా. ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినప్పుడు "డ"కీ "డా"కీ మనం వాడేది అదే ఒక్క "ఎ" అక్షరం. నేను రాసుకున్నప్పుడు నా చెవిలో దీర్ఘం మోగింది. అతను చదివినప్పుడు, కాఫీ దగ్గర అరగంట మౌనంగా ఉన్నానే అన్న బెంగ ఎలాగూ ఉంటుంది కనుక, అతనికి హ్రస్వమే వినిపించింది. మాట్లాడవు అని నేనంటే అతను క్షమాపణ చెప్పాడు. దానికి నేను పరవాలేదు అని క్షమించాను! "మాట్లాడారు" ఒక్కటే కాదు, "చెప్పారు", "నవ్వారు", "పాడారు" ఏది రాసినా ఇదే గండం. పొగడ్త కాస్తా ఫిర్యాదు అయిపోతుంది. రెండోసారి ఎవరికైనా నేను తెలుగు మాట పంపితే తెలుగు అక్షరాల్లోనే పంపుతాను. ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

దిద్దుదామంటే వీలు కాదు. వాట్సాప్‌లో పంపినదాన్ని మార్చుకోవడానికి 15 నిమిషాలే గడువు. తొలగిద్దామంటే రెండు రోజుల దాకా తొలగించవచ్చు కానీ, అక్కడ ఏదో తొలగించిన గుర్తు మిగులుతుంది. చదివేసినదాన్ని తొలగిస్తే ఇంకా అనుమానం. "ఇప్పుడే రాయమ్మా, సాయంత్రం దాకా నానబెట్టకు" అన్నారు బాబాయిగారు. మొదట నాలుగు మెసేజ్‌లు వరసగా కొట్టబోయాను. అయ్యో, కాదండీ, తప్పుగా అనుకోకండి అంటూ. ఆయనే చెయ్యి అడ్డం పెట్టారు. కంగారంతా ముక్కలు ముక్కలుగా పంపితే అవతలివాళ్లు మనల్ని ఓదార్చే పనిలో పడతారు, అసలు సంగతి పక్కకు పోతుంది. కాబట్టి ఒకే మెసేజ్ రాశాను, ఒంటిగంటన్నరకు పంపాను. అతనూ భోజనం చేసి కూర్చుని ఉంటాడని లెక్క.

"నిన్న నేను రాసింది 'మాట్లాడారు' అని. ఇంగ్లిషు అక్షరాల్లో 'మాట్లాడరు' అయిపోయింది, తప్పు నాది. గట్టు మీద మీరు రేడియో ముల్లు గురించి చెబుతుంటే చీకటి పడిందని కూడా గమనించలేదు. నాకు మళ్లీ కలవాలని ఉంది. ఈ ఆదివారం వీలవుతుందా? ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి, ఏమీ అనుకోను."

ఇందులో ప్రతి ముక్కా ఎందుకుందో నాకిప్పుడు తెలుసు. రేడియో ముల్లు లేకపోతే అది ఎవరికైనా పంపగలిగిన మెసేజ్. "మళ్లీ కలవాలని ఉంది" అన్నది లేకపోతే "బాగుంది" అన్నంత మాత్రమే. ఆదివారం అన్నది లేకపోతే "తప్పకుండా, ఎప్పుడైనా" అనే జవాబు వస్తుంది, ఆ "ఎప్పుడైనా" ఎప్పటికీ రాదు. చివరి మాట పెట్టాలా వద్దా అని బాగా తటపటాయించాను. వద్దనడానికి దారి ఇస్తే వద్దంటారేమో అని భయం. కానీ అతను మొహమాటస్తుడు, దారి ఇవ్వకపోతే ఊరికే నానుస్తాడు, నేను మళ్లీ సెంట్రిఫ్యూజ్ గదిలోకి పోవాలి.

నీలం టిక్కులు మళ్లీ పెట్టుకున్నాను. రెండింటికల్లా నీలమయ్యాయి. ఆ తర్వాత మూడున్నర గంటలు ఏమీ రాలేదు. ఈసారి మాత్రం నేను ఇంకో మెసేజ్ పంపలేదు, ఫోను బాబాయిగారి బల్ల సొరుగులో పెట్టి పని చేసుకున్నాను. ఈ ఒక్క విషయంలో నన్ను ఎవరైనా మెచ్చుకోవచ్చు. సాయంత్రం అయిదున్నరకు, ఇంటికి బయల్దేరుతూ తీసి చూశాను. తెలుగు అక్షరాల్లో వచ్చింది.

"ఆఫీసులో అందరి మధ్య నవ్వు ఆగక ఇప్పుడు రాస్తున్నాను. ఆదివారం నాలుగింటికి వస్తాను. 'స్తా'కు దీర్ఘం ఉంది, చూసుకోండి."