వెనకనుంచి ఆడటం: కీపర్, పివట్, మూడో మనిషి

మా ఆదివారం ఫుట్‌బాల్ టీమ్‌లో గోల్ కిక్ అంటే గాల్లోకి బలంగా కొట్టడమే అన్న అలవాటు మాన్పించే పని ఈ సీజన్ మొదటి నుంచీ చేస్తున్నా, ఇప్పటికి అది ఒక దారిలో పడింది. అన్నీ రాయను, బాగా పనిచేస్తున్న ఒక్క కదలిక గురించే చెప్తా.

ముందు ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పాలి. ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు పెనాల్టీ బాక్స్ లోపలే, కీపర్‌కి చెరో పక్క ఉంటారు. 2019 వరకూ గోల్ కిక్ బాక్స్ దాటాకే ఎవరైనా తాకాలి. ఇప్పుడు బంతి కదిలితే చాలు, ఆట మొదలైనట్టే, కానీ అవతలి వాళ్లు అప్పటిదాకా బాక్స్ బయటే ఆగాలి. అంటే మన సెంటర్ బ్యాక్‌కి మొదటి టచ్ ప్రశాంతంగా దొరుకుతుంది. పివట్, అంటే డిఫెన్స్ ముందు ఆడే మిడ్‌ఫీల్డర్, బాక్స్ అంచున మధ్యలో ఉంటాడు. కీపర్‌ని కలిపితే మనం నలుగురం, బంతి లాక్కోవడానికి మీదికొచ్చి ప్రెస్ చేసే స్ట్రైకర్లు మామూలుగా ఇద్దరు.

కీపర్ ఎడమ సెంటర్ బ్యాక్‌కి ఇస్తాడు, స్ట్రైకర్ పరిగెత్తుకొస్తాడు, బంతి మళ్లీ కీపర్‌కి వెనక్కి వస్తుంది. సరిగ్గా ఇక్కడే స్ట్రైకర్ ఆగకుండా కీపర్ మీదికి వెళ్తాడు, అది కూడా కొంచెం వంపు తిరిగి, ఎడమ సెంటర్ బ్యాక్‌ని తన వీపు వెనక దాచేస్తూ. రెండో స్ట్రైకర్ కుడి సెంటర్ బ్యాక్ దగ్గర కాచుకుని ఉంటాడు. కీపర్‌కి రెండు దారులూ మూసుకుపోయినట్టు అనిపిస్తుంది, మామూలుగా టెన్షన్‌తో బంతిని బయటికి తన్నేది ఇప్పుడే. కానీ మధ్యలో పివట్ ఖాళీగా ఉన్నాడు కదా. కీపర్ పివట్‌కి ఇస్తే, అతను ఒక్క టచ్‌తో ఎడమ సెంటర్ బ్యాక్‌కి తోసేస్తాడు. స్ట్రైకర్ అప్పటికే అతన్ని దాటి వెళ్లిపోయాడు కాబట్టి సెంటర్ బ్యాక్ ముందుకి చూస్తూ బంతి తీసుకుని నేరుగా నడిపించుకుపోతాడు. కీపర్ నేరుగా ఇవ్వలేని మనిషికి మధ్యలో ఒకరి ద్వారా ఇవ్వడమే మొత్తం కిటుకు.

ఇది కుదరాలంటే కీపర్ ఆగడం నేర్చుకోవాలి. స్ట్రైకర్ ఇంకా పది మీటర్ల దూరంలో ఉండగానే పాస్ వదిలేస్తే అతను తిరిగొచ్చేస్తాడు, ఉపయోగం లేదు. మూడు నాలుగు మీటర్లకి వచ్చేదాకా బంతి మీద అరికాలు పెట్టి ఉంచమంటున్నా. 2022-23లో డె జెర్బీ కోచ్‌గా ఉన్న ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్ మ్యాచ్‌లు చూసినవాళ్లకి వాళ్ల సెంటర్ బ్యాక్ లూయిస్ డంక్ అలాగే బంతి తొక్కిపెట్టి ప్రెస్‌ని రప్పించుకోవడం గుర్తుండే ఉంటుంది. ఇంకోటి, వెనక్కి పాస్ వచ్చేటప్పుడు కీపర్ గోల్‌కి ఎదురుగా కాకుండా పోస్ట్‌కి కాస్త బయటగా నిలబడాలి. కాలు తగలకపోయినా బంతి గోల్‌లోకి పోదు, కార్నర్ అవుతుంది, అంతే. చేత్తో పట్టుకోవడం ఎలాగూ కుదరదు, ఆ రూల్ 1992 నుంచీ ఉంది.

ఎక్కడ తేడా వస్తుందో ఇప్పుడు బయటినుంచి చూస్తేనే తెలిసిపోతోంది. పివట్ బంతి కోసం ఆత్రంగా బాక్స్ లోపలికి దిగిపోతే ముగ్గురూ దాదాపు ఒకే గీత మీదికి వచ్చేస్తారు, ట్రయాంగిల్ పోతుంది, ఒక్క స్ట్రైకరే ఇద్దరిని ఆపేస్తాడు. సెంటర్ బ్యాక్ పాస్ ఇచ్చాక అక్కడే నిలబడిపోతే స్ట్రైకర్ వీపు వెనకే ఉండిపోతాడు, రెండు మూడడుగులు పక్కకి జరిగి పివట్‌కి కనపడాలి. పివట్ బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడకపోతే మాత్రం ఈ పాస్ ఇవ్వనే ఇవ్వొద్దని కీపర్‌కి చెప్పా, ఎందుకంటే అక్కడ బంతి పోతే ఎదురుగా గోలే.

ప్రాక్టీస్ బాక్స్‌లోనే, నలుగురి మీద ఇద్దరు, నిజమైన గోల్‌తో. సెంటర్ బ్యాక్ బంతి నడిపిస్తూ బాక్స్ మూలల దగ్గర కోన్‌లతో పెట్టిన గేటు దాటితే మాకు పాయింట్, వాళ్లు బంతి లాక్కుని గోల్ కొడితే వాళ్లకి రెండు. గోల్ భయం లేకుండా చేస్తే కీపర్ ఆగడం అసలు అలవాటు కాదు. గుంతల మట్టి గ్రౌండ్‌లో మ్యాచ్ ఉంటే మాత్రం దీన్ని పక్కన పెట్టేస్తున్నాం, ఒక్క టచ్ పాస్ ఎగిరి మోకాలికి తగులుతుంది.

అవతలి టీమ్ తెలివైనదైతే ఒక మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చి పివట్‌కి అంటించేస్తుంది. అప్పుడు ఆ మిడ్‌ఫీల్డర్ వదిలేసి వచ్చిన చోటు ఖాళీ, అక్కడికి మా ఫార్వర్డ్ దిగితే కీపర్ ఛాతీ ఎత్తులో పాస్ కొట్టాలి. గోల్ కిక్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు కాబట్టి ఇంకో ఫార్వర్డ్‌ని వాళ్ల డిఫెన్స్ వెనకే నిలబెట్టి వాళ్లని కిందకి లాగుతున్నాం. మా కీపర్ ఆ పాస్ కుడి కాలితో బాగానే కొడుతున్నాడు, ఎడమ కాలిది ఇంకా రావాలి, వచ్చే వారాలన్నీ దాని మీదే.