మంట లేకుండానే కాలింది

మధురవాడలో ఒక అపార్ట్‌మెంటులో ఫ్లోరింగ్ పని. తడి సిమెంటు మాలు మీద మోకాళ్ళాని లెవెల్ చేసుకుంటూ వెనక్కి జరగాలి. పొద్దున్నే ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసింది. తాపీ పనిలో తడవని ప్యాంటు ఎక్కడుంటుంది? మంట లేదు, నొప్పి లేదు. సాయంత్రం దాకా అదే ప్యాంటుతో చేశాను.

ఇంటికొచ్చి విప్పబోతే గుడ్డ చర్మానికి అంటుకుపోయింది. నీళ్ళు పోసి తీశాం. కింద చర్మం ఎర్రగా లేదు, నల్లగా ఉంది. చుట్టూ భగభగమంటోంది గానీ, నల్లటి మచ్చ మధ్యలో వేలితో నొక్కితే ఏమీ తెలియలేదు. రాత్రంతా మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకున్నాను. కాలు తీసేస్తారేమోనని నా భార్య అప్పన్న స్వామికి మొక్కుకుంది. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే, “సిమెంటుకి కాళ్ళు కాలతాయేటి? కొబ్బరినూనె రాసి రేపు వచ్చీ” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూడగానే చెప్పింది. తడి సిమెంటు ఘాటైన క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది. చర్మం కింద కొవ్వును కరిగిస్తూ గంటల తరబడి లోపలికి దిగుతుంది. నొప్పి తెలిసేసరికే లోతుగా కాలిపోయి ఉంటుంది. తడిసిన వెంటనే ప్యాంటు విప్పి, కనీసం 20 నిమిషాలు పారే నీళ్ళ కింద కడగాలట. తర్వాత తొడ మీంచి చర్మం తీసి కాలిన చోట అతికించారు. ఆ తల్లికి దణ్ణం పెట్టాలి.

కాళ్ళతో పాటు నా చేతులూ చూసిందామె. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, దురద చాన్నాళ్ళుగా ఉన్నాయి. ‘మేస్త్రి చేతులు అంతేలే’ అనేవారు అందరూ. ఒంటికి ఏది పడట్లేదో తెలుసుకోడానికి చర్మం డాక్టరు వీపు మీద రకరకాల పదార్థాలు పెట్టిన పట్టీలు అతికించి రెండు రోజుల తర్వాత తీశారు, ఇంకో రెండు రోజులకి మళ్ళీ చూశారు. క్రోమియం పెట్టిన చోట ఎర్రగా పొక్కింది. సిమెంటులో అది కొద్దిగా ఉంటుంది. ఒకసారి ఒంటికి పడకపోతే ఏళ్ళ తరబడి వదలదట. సైటులో ఇచ్చిన తోలు గ్లౌజులు తొడిగితే దురద ఎందుకు పెరిగేదో అప్పుడు తెలిసింది. తోలును పదును పెట్టేదీ చాలావరకు క్రోమియంతోనే!

ఇప్పుడు పొడుగు నైట్రైల్ గ్లౌజులు వాడుతున్నాను, లోపల పలచటి నూలువి. రోజుకి రెండు గంటలు మించి చేతులు తడిలో ఉంటే చర్మం దెబ్బతింటుందన్నారు. గ్లౌజులో పట్టే చెమట కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మన విశాఖ ఉక్కలో అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. అందుకని మాలు పని, పొడి పని మార్చి మార్చి చేస్తున్నాను. లోపలి నూలువి తడిస్తే మార్చేస్తాను. పని ముందు రాసుకునే క్రీము సిమెంటును ఆపదు, కడుక్కోవడం కాస్త తేలికవుతుందంతే. పని అయ్యాక రాసే వాజలీనే నాకు ఎక్కువ పనిచేసింది.

మాతో మాలు కలిపే కుర్రాడు మొన్న వేళ్ళ మధ్య దురద అన్నాడు. ఆ రోజే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అతని సగం రోజు కూలీ కోసేశారు.