మైట్ కుడ్: తప్పెక్కడ, ఒప్పెక్కడ

'ఐ మైట్ కుడ్ కమ్' అనే వాక్యం ప్రామాణిక ఇంగ్లిష్‌లో చెల్లదు. మైట్ తర్వాత క్రియ మూలరూపంలోనే రావాలి. కుడ్‌కు, షుడ్‌కు, వుడ్‌కు ఆ రూపమే లేదు. అందుకే కుడ్ లాంటి రెండో మోడల్ సహాయక క్రియ స్థానంలో మూలరూపం ఉన్న మాట పెట్టాలి: 'ఐ మైట్ బీ ఏబుల్ టు కమ్'. మస్ట్ కెన్ అనాలనిపించినా ఇదే మందు, 'మస్ట్ బీ ఏబుల్ టు'.

అయితే అమెరికా దక్షిణ రాష్ట్రాల మాండలికాల్లో మైట్ కుడ్ మామూలు మాటే, స్కాట్లండ్‌లో కొన్నిచోట్ల కూడా వినిపిస్తుంది. దాన్ని చదువురానితనం అనడం అన్యాయం, దానికీ కట్టుబాటుంది: మైట్ ముందే వస్తుంది, 'కుడ్ మైట్' అని సాధారణంగా తిప్పరు. ఆఫీసు ఉత్తరంలో, పరీక్షలో మాత్రం రాయకండి.

ఇంకో సంగతి. 'ఎవ్రీవన్ హూ కుడ్ వుడ్ హెల్ప్' పూర్తిగా ప్రామాణికమే! ఇక్కడ కుడ్ 'హూ' ఉపవాక్యానిది, దాని తర్వాతి హెల్ప్ లోపించింది. వుడ్ ప్రధాన వాక్యానిది. పక్కపక్కన ఉన్నా కలిసి లేవు. అనుమానమొస్తే లోపించిన హెల్ప్‌ను మధ్యలో పెట్టి చూడండి: 'హూ కుడ్ హెల్ప్ వుడ్ హెల్ప్'. వాక్యం నిలిచింది. 'ఐ మైట్ కమ్ కుడ్ కమ్' నిలవదు.