30 అక్షరాల్లో ఏసీ సర్వీస్: నా అనుభవం

ఎండలు ముదరకముందే సెర్చ్ యాడ్స్ మొదలవ్వాలని ఏసీ సర్వీసింగ్ కంపెనీ ఓనరు గారు పట్టుబట్టారు. నిన్నటితో అది పూర్తయింది, ఇంకా చిరాకు మాత్రం తగ్గలేదు. ఖాతా తెరవడం, బడ్జెట్ పెట్టడం, కీవర్డ్స్ వేయడం చకచకా అయిపోయాయి. నా ప్రాణం తీసినవి హెడ్‌లైన్లు.

గూగుల్ యాడ్స్‌లో ఒక యాడ్‌కి 15 హెడ్‌లైన్ల దాకా ఇవ్వొచ్చు, ఒక్కోటి 30 అక్షరాలు దాటకూడదు. నేను మొదట రాసింది "వేసవికి ముందే ఏసీ సర్వీస్ చేయించండి". ఓనరు గారు వేళ్ల మీద లెక్కపెట్టి, ఖాళీలతో కలిపి 19 అన్నారు. స్క్రీన్ మీద 35 అని ఎర్రగా పడింది. "ఏమండీ, మీకు లెక్కలు కూడా రావా?" అన్నారు, టెక్నీషియన్లందరి ముందూ!

సంగతేమిటంటే, మనం ఒక్కటిగా చదివే అక్షరాన్ని కంప్యూటర్ ముక్కలుగా లెక్కపెడుతుంది. గుణింతం గుర్తు ఒకటి, సున్న ఒకటి, పొల్లు ఒకటి. "ర్వీ" మన కంటికి ఒక్కటే, దానికి నాలుగు: ర, పొల్లు, వ, దీర్ఘం. "చేయించండి" ఒక్కటే తొమ్మిది తినేస్తుంది. దాన్ని తీసేస్తే 25కి వచ్చింది, అర్థమూ చెడలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. ఓనరు గారు పిలిపించిన ఏజెన్సీ కుర్రాడు "సర్వీస్‌కు ఇవాళే బుక్ చేసుకోండి" అని పంపాడు. ముక్కలు విడదీసి లెక్కేస్తే సరిగ్గా 30, స్క్రీన్ మాత్రం 31 అంటుంది. "స్", "కు" కలిసి వత్తుగా మారిపోకుండా కీబోర్డు మధ్యలో కనిపించని అక్షరం ఒకటి పెడుతుంది. చివరి నుంచి బ్యాక్‌స్పేస్ కొడుతూ పోతే ఒకచోట తెర మీద ఏమీ చెరగదు, అంకె మాత్రం ఒకటి తగ్గుతుంది. దొంగ దొరికేది అక్కడే. దాన్ని తీసేస్తే "సర్వీస్కు" అని వికారంగా తయారవుతుంది కాబట్టి "ఏసీ సర్వీస్ ఇవాళే బుక్ చేయండి" అని మార్చాను, 29. ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి దింపే ఏజెన్సీలకు డబ్బు తగలేయకండి, అంతకంటే చెప్పను.

హెడ్‌లైన్లో ఫోన్ నంబరు, ఆశ్చర్యార్థకం కావాలని ఓనరు గారు అడిగారు. రెండూ నిబంధనలకు విరుద్ధమే. నంబరుకు కాల్ ఆప్షన్ విడిగా ఉంది. ఒక వాక్యాన్ని రెండు హెడ్‌లైన్లుగా విరగ్గొట్టడమూ కుదరదు. ఫలానా స్థానంలోనే రావాలని పిన్ చేయకపోతే ఏది ముందొస్తుందో, రెండోది అసలు వస్తుందో రాదో తెలియదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది "ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయా?". ప్రశ్నార్థకంతో కలిపి సరిగ్గా 30. జనం వెతికేది కూడా తమ ఏసీకి వచ్చిన రోగం పేరు పెట్టే కదా. ఓనరు గారు మళ్లీ వేళ్లు తీశారు గానీ, ఈసారి స్క్రీన్ చూసి ముడిచేశారు.